బ్రూనో కడుపులో గడ్డ గురించి

హనుమకొండ

అమ్మాయీ, పెద్దనాన్న ఆశీస్సులు.

నువ్వు పంపిన స్కానింగ్ రిపోర్టు రెండుసార్లు చదివాను. పదకొండేళ్ల లాబ్రడార్, ప్లీహం చివర 5.6 సెంటీమీటర్ల గడ్డ, అందులో అక్కడక్కడ నల్లని మచ్చలు, కడుపులో ద్రవం లేదు. ఇది క్యాన్సరేనా అని అడిగావు. ఆ సంగతి స్కానింగ్ చెప్పలేదమ్మా. ఆ నల్లని చోట్లు రక్తం నిలిచిన గుంటలు. ప్లీహంలో మామూలు రక్తపు గడ్డ కట్టినా అలాగే కనిపిస్తాయి, హిమాంజియోసార్కోమా అయినా అలాగే కనిపిస్తాయి. గడ్డ పెద్దదైనంత మాత్రాన చెడ్డదని కూడా అనుకోవద్దు.

హిమాంజియోసార్కోమా రక్తనాళాల లోపలి పొర నుంచి పుట్టే క్యాన్సర్. అది కట్టుకునే నాళాలు బలహీనంగా ఉంటాయి కాబట్టి ఎప్పుడో ఒకప్పుడు చిట్లుతాయి. క్యాన్సర్ కాని మంచి గడ్డ కూడా చిట్లవచ్చు. అందుకే పేరు తేలేదాకా ఆగడం కంటే చిట్లకముందే తీయించడం మేలని నా అభిప్రాయం. కడుపులో రక్తం నిండి వచ్చిన కుక్కల్లో ఎక్కువ భాగానికి చివరకు క్యాన్సరే తేలుతుంది. బ్రూనోకు మాదిరిగా వేరే పరీక్షలో అనుకోకుండా దొరికిన, చిట్లని గడ్డల్లో సగానికి పైగా మంచివే ఉంటాయి. ఆ అవకాశాన్ని పోగొట్టుకోవద్దు.

మా జర్మన్ షెపర్డ్ సంగతి నీకు పూర్తిగా ఎప్పుడూ చెప్పలేదు. పశువైద్యుడిగా ముప్పై ఏళ్లు పనిచేసిన నేనే దాని దగ్గర పొరబడ్డాను. మే నెలలో ఒక ఉదయం వాకిట్లో కూలబడింది. చిగుళ్లు పాలిపోయాయి. రక్తపరీక్షలో ప్లేట్‌లెట్లు తక్కువ. మన వైపు గోమార్ల జ్వరం ఎంత ఎక్కువో తెలుసు కదా, అదే అనుకుని డాక్సీసైక్లిన్ మొదలుపెట్టాను. మర్నాటికి లేచి అన్నం తిన్నది. మందు పనిచేసిందనుకున్నాను. నిజానికి గడ్డ కొద్దిగా చిట్లి, కారిన రక్తం ఆగిపోయి, కడుపులోని రక్తాన్ని ఒళ్లే తిరిగి పీల్చుకుంది. ఆ క్యాన్సర్ కూడా ప్లేట్‌లెట్లను ఖర్చు చేస్తుంది. గోమార్ల జ్వరంలో ప్లీహం మొత్తంగా ఉబ్బుతుంది, ఇందులో ఒకచోట గడ్డగా లేస్తుంది. ఆ రోజే స్కానింగ్ చేయించి ఉంటే తేడా తెలిసేది. మూడు వారాల తర్వాత మళ్లీ పడిపోయింది. సూది గుచ్చి కడుపులోంచి తీసిన రక్తం గాజు గొట్టంలో పది నిమిషాలైనా గడ్డకట్టలేదు. సూది రక్తనాళంలోకి పోయి ఉంటే గడ్డకట్టేది. కట్టలేదంటే అది లోపల ఎప్పటినుంచో కారి నిలిచిన రక్తం. అప్పటికి చాలా ఆలస్యమైంది.

కాబట్టి ఆపరేషన్ అయ్యేదాకా ప్రతి ఉదయం, సాయంత్రం బ్రూనో పెదవి ఎత్తి చిగురును వేలితో నొక్కి వదులు. తెల్లబడిన చోట రెండు సెకన్లలోపు గులాబీ రంగు తిరిగి రావాలి. రంగు రాకపోయినా, చిగుళ్లు తెల్లగా కనిపించినా, కడుపు ఉబ్బినా, మెట్ల దగ్గర తూలినా అర్ధరాత్రయినా బయలుదేరు. కాసేపటికి లేచి తోక ఊపిందని ప్రయాణం ఆపవద్దు. పరుగులు, మంచం మీద నుంచి దూకడం మాన్పించు. కడుపు నొక్కి చూడవద్దు. నొప్పి మాత్రలు నీ అంతట నువ్వు ఇవ్వవద్దు.

గడ్డలోకి సూది వేసి పరీక్షకు పంపుదామని ఎవరైనా అంటే, గుంటలున్న గడ్డ కాబట్టి వద్దని నా మాటగా చెప్పు. చాలాసార్లు రక్తం తప్ప కణాలు రావు, పైగా చిట్లే ప్రమాదం. దానికి బదులు ఆపరేషన్‌కు ముందు ఛాతీకి మూడు వైపుల నుంచి ఎక్స్‌రే, గుండెకు స్కానింగ్ చేయించు. ఊపిరితిత్తుల్లో మచ్చలున్నా, గుండె కుడివైపు పై గదిలో గడ్డ ఉన్నా అనుమానం బాగా బలపడుతుంది. కాలేయంలో చిన్న మచ్చలు ముసలి కుక్కల్లో మామూలుగానూ ఉంటాయి, వాటిని మాత్రమే చూసి ఆశ వదులుకోవద్దు.

ప్లీహం తీశాక ఒక చిన్న ముక్కతో సరిపెట్టనివ్వకు. క్యాన్సర్ ఒక మూల ఉండి, మిగతాదంతా ఉత్త రక్తపు గడ్డగా కనిపించడం తరచూ జరుగుతుంది. వీలైతే మొత్తం ప్లీహం, లేదంటే గడ్డలో వేర్వేరు చోట్ల నుంచి అయిదారు ముక్కలు ఫార్మలిన్‌లో పంపమను. మంచిదని తేలితే ఆపరేషనే పూర్తి వైద్యం, ప్లీహం లేకుండా కుక్క హాయిగా బతుకుతుంది. హిమాంజియోసార్కోమా అయితే నీ దగ్గర దాచను: ఆపరేషన్ ఒక్కటే అయితే సాధారణంగా ఒకటి నుంచి మూడు నెలలు, డాక్సోరుబిసిన్ అనే క్యాన్సర్ మందు కూడా ఇస్తే నాలుగు నుంచి ఆరు నెలలు. ఎక్స్‌రేలో అప్పటికే పాకినట్టు తేలితే కోయించమని నేను చెప్పను.

ఇంకొకటి. ఆపరేషన్ రోజు రక్తం సిద్ధంగా ఉండాలి. మన దగ్గర కుక్కల రక్తం అడగగానే దొరకదు. 25 కిలోలు దాటిన, ఆరోగ్యంగా ఉన్న, గోమార్ల జబ్బు లేదని పరీక్షించిన కుక్క కావాలి. మా పక్కింటి నాలుగేళ్ల లాబ్రడార్ 32 కిలోలు, వాళ్లతో మాట్లాడాను, ఒప్పుకున్నారు. రేపు దానికి రక్తపరీక్ష చేయిస్తున్నాను. డాక్టరు తేదీ ఇవ్వగానే ఫోను చెయ్యి, దాన్ని వెంటబెట్టుకుని నేనే వస్తాను.

మీ పెద్దనాన్న