పొరుగువారి కంచెకు పన్నెండేళ్లు నిండితే స్థలం వారిదేనా?

పక్కింటివారి కంచె పన్నెండేళ్లకు పైగా మా స్థలంలో ఉంటే, ఆ స్థలం వాళ్లదైపోతుందా?

కేవలం ఏళ్లు గడిచినంత మాత్రాన కాదు. న్యాయశాస్త్ర విద్యార్థినిగా నాకు ఈ విషయం మా తాతయ్య పెరటి తగాదాలోనే అర్థమైంది.

పొరుగువారి ముళ్లకంచె మా వైపు మూడడుగులు జరిగి 15 ఏళ్లయింది. 1963 నాటి లిమిటేషన్ చట్టం 65వ అధికరణం ప్రకారం, స్వాధీనం ప్రతికూలంగా, అంటే యజమాని హక్కును కాదని సొంతమన్నట్టుగా, మారిన నాటి నుంచి యజమాని 12 ఏళ్లలోపు దావా వేయాలి. వేయకపోతే 27వ సెక్షన్ కింద అతని హక్కే అంతరిస్తుంది గనుక, స్థలం పోయిందని బెంగపడ్డాను.

"గేదెను కట్టుకుంటామని వాళ్లే అడిగితే, మీ తాతయ్యే సరేనన్నారమ్మా" అంది నాయనమ్మ. ఆ మాటతో లెక్క మారిపోయింది, ఎందుకంటే అనుమతితో సాగే స్వాధీనం ఎన్నేళ్లయినా ప్రతికూలం కాదు.

అయితే ఆరేళ్ల కిందట వాళ్లు ఆ కంప పీకేసి, రాతి కూసాలు పాతి, ఊరి పెద్దల ఎదుటే "ఇది మాది" అన్నారు. గడువు మొదలైంది ఆ రోజునే. దావాకు మాకింకా ఆరేళ్లున్నాయి. ఈలోగా ఎన్ని నోటీసులు పంపినా, ఎంత గొడవపడినా, ఆ గడువు ఆగదు.