పోపు పెడితే అరిచే స్మోక్ అలారం: బ్యాటరీ పీకే ముందు ఒక్కసారి వెనక్కి తిప్పి చూడండి

పోయిన నెల కావలిలో మా అమ్మ వాళ్లింట్లో ఉన్నప్పుడు మా అక్క కూతురు వీడియో కాల్ చేసింది. పెళ్లయి డాలస్ దగ్గర అపార్ట్‌మెంట్‌లో దిగి రెండు నెలలయింది. "పిన్నీ, చారులోకి పోపు పెట్టినప్పుడల్లా సీలింగు మీద ఆ తెల్ల డబ్బా చెవులు పగిలేట్టు అరుస్తోంది. పక్కింటావిడ తలుపు కొడుతోంది. ఆయన కుర్చీ ఎక్కి బ్యాటరీ పీకేశాడు" అంది.

అమెరికా వచ్చిన కొత్తలో నేనూ అదే పని చేశాను. అందుకే తిట్టలేదు. ఆ డబ్బాని కిందికి దించి, వెనక రాసిందంతా కెమెరాకి చూపించమన్నాను. చిన్న అక్షరాల్లో అమెరీషియం 241 అనీ, రేడియోధార్మిక పదార్థం ఉందనీ రాసుంది. అంటే అది అయనైజేషన్ రకం. పోపు పెడితే అరిచేది ఎక్కువగా ఆ రకమే.

స్మోక్ అలారాలు ముఖ్యంగా రెండు రకాలు. అయనైజేషన్ దాంట్లో ఆ అమెరీషియం చుక్క రెండు పలకల మధ్య గాలిని అయాన్లుగా మారుస్తుంది, దాంతో సన్నటి కరెంటు పారుతుంటుంది. పొగ కణాలు లోపలికొచ్చి ఆ అయాన్లకి అంటుకుంటే కరెంటు తగ్గుతుంది, అలారం మోగుతుంది. ఫోటోఎలక్ట్రిక్ దాంట్లో చీకటి గదిలాంటి చిన్న అర ఉంటుంది. ఒక ఎల్‌ఈడీ వెలుగు ఒక పక్కకి పోతుంటుంది, దాన్ని పట్టే సెన్సర్ ఇంకో పక్కకి తిరిగి ఉంటుంది. మామూలుగా వెలుగు దానికి తగలదు. పొగ వచ్చినప్పుడు వెలుగు కణాల మీద పడి చెదిరి సెన్సర్ మీదకి వస్తుంది.

ఇది మా అమ్మకి చెప్పడానికి పెరట్లోకి చూపించాను. ఎండిన తాటాకు అంటిస్తే భగ్గున మండుతుంది, పెద్దగా పొగ కనబడదు. దోమలకి రాజేసిన పిడక మంటే లేకుండా గంటలకొద్దీ దట్టంగా పొగ వదులుతుంది. తాటాకు మంటలాంటి వాటిలో పుట్టే కణాలు కంటికి కనబడనంత సన్నం. వాటిని అయనైజేషన్ రకం ముందు పసిగడుతుంది. పిడక పొగ కణాలు కాస్త లావు, వాటి మీద వెలుగు బాగా చెదురుతుంది కాబట్టి ఫోటోఎలక్ట్రిక్ ముందు మోగుతుంది. కాగిన నూనెలో ఆవాలు, ఎండుమిరపకాయలు వేయగానే లేచేది కూడా తాటాకు బాపతే. పొగ కళ్లకి కనబడకముందే ఆ డబ్బాకి తెలిసిపోతుంది.

"రేడియేషన్ అంటున్నావు, పిల్లకి ఏమన్నా అవుతుందా?" అని అమ్మ కంగారు. అందులోంచి వచ్చే ఆల్ఫా కణాలు కాగితాన్ని కూడా దాటలేవు. డబ్బా విప్పి లోపల కెలక్కుండా ఉంటే చాలు.

మరి ఇంట్లో నిజంగా భయపడాల్సింది ఏ మంటకి? వంటింట్లో నూనె అంటుకుంటే అది భగ్గుమనే రకం, సాధారణంగా మనం మేలుకునే ఉంటాం. రాత్రి పడుకున్నాక సోఫా సందులో పడ్డ నిప్పురవ్వ గానీ, పరుపు కింద వేడెక్కిన ఛార్జర్ వైరు గానీ మంట లేకుండా చాలాసేపు రాజుకుంటాయి. నిద్రలో ఉన్న మనిషిని పొగ వాసన లేపుతుందని నమ్మకం పెట్టుకోకూడదు. పైగా ఆ పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. ఇలాంటి రాజుకునే మంటకి అయనైజేషన్ రకం బాగా ఆలస్యంగా మోగవచ్చు. అందుకే ఒక్క రకమే పెట్టుకోగలిగితే పడకగదుల్లోనూ, వాటి బయట నడవలోనూ ఫోటోఎలక్ట్రిక్ పెట్టుకోమంటాను. రెండు రకాలూ ఉంటే ఇంకా మంచిది. రెండు సెన్సర్లూ ఒకే డబ్బాలో ఉన్నవీ దొరుకుతాయి గానీ, వంటింటి పక్కన పెడితే అవీ పోపుకి అరిచే అవకాశముంది.

ఇక దూరం. అమెరికాలో ఎన్‌ఎఫ్‌పీఏ 72 అనే ఫైర్ అలారం కోడ్ ప్రకారం మామూలు స్మోక్ అలారం పొయ్యికి 10 అడుగుల లోపల ఉండకూడదు. 10 నుంచి 20 అడుగుల మధ్య పెట్టాల్సివస్తే ఫోటోఎలక్ట్రిక్ అయినా కావాలి, నొక్కితే కాసేపు ఊరుకునే హష్ బటన్ ఉన్నదయినా కావాలి. మా అమ్మాయి దగ్గర టేపు లేదు. చీర పట్టుకోమన్నాను. అయిదున్నర మీటర్ల చీరంటే సుమారు 18 అడుగులు, సగానికి మడిస్తే 9. పొయ్యి దగ్గర ఒక కొస పెట్టి ఆయన్ని రెండో కొసతో అలారం కిందికి నడవమంటే, సగం చీర కూడా పూర్తి కాకుండానే చేరిపోయాడు. ఏడడుగులు కూడా ఉండదు.

అపార్ట్‌మెంట్ ఆఫీసుకి ఈమెయిల్ రాయమన్నాను. "అలారం పొయ్యికి 7 అడుగుల్లోనే ఉంది, అయనైజేషన్ రకం, దీన్ని జరిపి ఫోటోఎలక్ట్రిక్ పెట్టండి" అని మూడు ముక్కల్లో. నోటితో చెబితే చూద్దాంలే అంటారు, రాస్తే కదులుతారు. బ్యాటరీ పీకిన సంగతి మాత్రం రాయొద్దన్నాను, వెంటనే తిరిగి పెట్టేయమన్నాను. చాలా లీజు కాగితాల్లో అలారం పనిచేయకుండా చేయడం ఒప్పందం ఉల్లంఘనే. సీలింగులోంచి వైరు వస్తుంటే మనం అసలు ముట్టుకోకూడదు.

కొత్త చోటు ఎక్కడ? పడకగది బయట నడవలో, సీలింగు మీద. గోడకి పెట్టాల్సివస్తే సీలింగు నుంచి 12 అంగుళాల లోపే ఉండాలి. బాత్రూం తలుపుకి 3 అడుగులు ఎడం కావాలి, ఎందుకంటే వేడినీళ్ల ఆవిరిని కూడా ఫోటోఎలక్ట్రిక్ పొగే అనుకుంటుంది. ఫ్యాన్ రెక్కల కొసకి, ఏసీ గాలి వచ్చే కంతకి కూడా అంతే దూరం. లేకపోతే పొగ అలారం దాకా రాకుండా ఆ గాలి పక్కకి తోసేస్తుంది. పడకగదిలో ఒకటి వేరే ఉండాలి, మేడ ఉంటే ప్రతి అంతస్తులో ఒకటి. అన్నీ ఒకదానికొకటి కలిపి ఉంటే కింద మోగింది పైన కూడా వినబడుతుంది.

కొనేటప్పుడు పెట్టె మీద యూఎల్ 217 అనే భద్రతా ప్రమాణం పేరు చూడండి. దాని కొత్త కూర్పుల్లో వంట పొగకి ఊరికే మోగకుండా చూసే పరీక్ష కూడా ఉంది. దాన్ని హాంబర్గర్ కాల్చి చేస్తారు. మన నెల్లూరు చేపల పులుసు పోపుతో ఎవరూ పరీక్షించలేదు, అది మనమే చూసుకోవాలి. డబ్బా వెనక తయారైన తేదీ ఉంటుంది, దాని నుంచి 10 ఏళ్లు నిండితే మార్చేయాలి, కొన్న తేదీ నుంచి లెక్క కాదు. నిమిషానికోసారి కిచ్‌మంటే అది మంట కాదు, బ్యాటరీ అయిపోతోందని.

ఆఫీసు మనిషి వచ్చి నాలుగో రోజుకి మార్చాడు. మొన్న పోపు పెట్టి మరీ ఫోన్ చేసింది, డబ్బా కిక్కురుమనలేదు. శుక్రవారం మళ్లీ ఫోన్. "పిన్నీ, ఇవాళ సాంబ్రాణి వేస్తే అరిచింది!" అరవదా మరి, సాంబ్రాణి పిడక బాపతు. దేవుడి అలమరా అలారం కిందే పెట్టుకుంది. దాన్ని హాల్లో కిటికీ పక్కకి జరుపుకోమన్నాను.