14 రోల్స్ అక్కర్లేదు, నాలుగు చాలు

ప్రశ్న: సర్, ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుగా స్కూల్ మేనేజ్‌మెంట్ సిస్టమ్ చేస్తున్నాను. క్లాస్ టీచర్, మ్యాథ్స్ టీచర్, ఫీజు క్లర్క్ అని రాసుకుంటూ పోతే రోల్స్ 14 అయ్యాయి. ఎలా తగ్గించాలి? ఇంటర్వ్యూలో దీని మీద అడుగుతారా?

జవాబు: అడిగే అవకాశం ఉంది, అదీ లోతుగానే. ముందు ఒకటి చూడు, మ్యాథ్స్ టీచరైనా సైన్స్ టీచరైనా చేసే పని ఒకటే, హాజరు తీసుకోవడం, మార్కులు ఎక్కించడం. తేడా అంతా ఎవరి మార్కులు అన్న దగ్గరే ఉంది. కాబట్టి ఏ పని చేయొచ్చో రోల్ చెప్పాలి, ఎవరి విషయంలో చేయొచ్చో టేబుల్స్ చెప్పాలి. టీచర్, పేరెంట్, ఆఫీస్, ప్రిన్సిపాల్ అని నాలుగు రోల్స్ పెట్టుకో. ఏ టీచర్ ఏ సెక్షన్‌కి ఏ సబ్జెక్ట్ చెబుతున్నారో ఒక టేబుల్లో, ఏ పిల్లవాడికి తల్లిదండ్రులెవరో ఇంకో టేబుల్లో ఉంచు.

అసలు చిక్కు ఎక్కడొస్తుందంటే, ఒక టీచర్ 8-ఎ కి మ్యాథ్స్ చెబుతున్నారు, వాళ్ల బాబు అదే స్కూల్లో 6-బి చదువుతున్నాడు అనుకుందాం. ఒకే లాగిన్‌కి రెండు రోల్స్ ఇవ్వాలి, అందులో తప్పేం లేదు. కానీ చాలామంది కోడ్‌లో రెండు ప్రశ్నలు విడివిడిగా అడుగుతారు: ఈవిడకి మార్కులు మార్చే హక్కుందా? ఉంది, టీచర్ కదా. ఈ పిల్లవాడి వివరాలు ఈవిడకి కనబడొచ్చా? కనబడొచ్చు, తల్లి కదా. రెండింటికీ అవుననే జవాబొచ్చింది, ఇంకేముంది, కొడుకు మార్కులు తనే మార్చేసుకోవచ్చు! అందుకే మార్కులు మార్చేటప్పుడు పేరెంట్ టేబుల్ వైపు చూడనే కూడదు, ఇది ఒక్కటే అడగాలి:

```sql
SELECT 1 FROM teaching
WHERE teacher_id = :me AND section_id = :sec
  AND subject_id = :sub AND year_id = :yr;
```

ఇక్కడ `:sec` విలువని బ్రౌజర్ పంపినదాన్ని నమ్మి తీసుకోకు, ఆ విద్యార్థి రికార్డు నుంచే తీసుకో. `year_id` కూడా వదలకు, లేకపోతే పోయిన ఏడాది సెక్షన్ ఇంకా ఆ టీచర్ చేతిలోనే ఉండిపోతుంది.

ఆఫీస్ వాళ్లు ఫీజు కట్టించుకుని రసీదు ఇస్తారు, ఆ రసీదు రద్దు చేసే హక్కు మాత్రం ప్రిన్సిపాల్‌కే ఉండాలి. రెండూ ఒకరి చేతిలోనే ఉంటే డబ్బు తీసుకుని రసీదు మాయం చేసినా ఎవరికీ తెలియదు. మార్కుల ఎంట్రీ అయితే ఆఫీస్‌కి అసలు ఇవ్వకు.

ఇప్పుడు పైన చెప్పిన టీచర్ లాగానే ఒక టెస్ట్ లాగిన్ తయారుచేసుకో. 8-ఎ మార్కుల పేజీ తెరిచి, అడ్రస్‌లో ఉన్న `student_id` తీసేసి ఆ 6-బి బాబుది పెట్టి సేవ్ కొట్టు. 403 రావాలి. సేవ్ అయిపోయిందంటే పేజీలో బటన్ దాచావే గానీ సర్వర్‌లో చెక్ పెట్టలేదన్నమాట, లేదా ఆ రెండు ప్రశ్నలు ఇంకా విడిగానే ఉన్నాయన్నమాట, లేదా `:sec` ఇంకా బ్రౌజర్ నుంచే తీసుకుంటున్నావన్నమాట. ఇంటర్వ్యూలో రోల్స్ పట్టిక అప్పజెప్పొద్దు, ఈ ఒక్క కేసు బోర్డు మీద గీసి చూపించు, తర్వాతి ప్రశ్నలు వాళ్లే అక్కడి నుంచి మొదలుపెడతారు.