ఒక్క ఓటు తేడా

“రాజ్యాంగంలో ప్రధానిని అభిశంసించే అధికరణం ఏది? చిక్కడపల్లి గ్రంథాలయంలో రెండు రోజులుగా వెతుకుతున్నాను.”

లేనిదాన్ని ఎంత వెతికినా దొరకదండీ. 61వ అధికరణంలోని అభిశంసన రాష్ట్రపతికే. ప్రధాని విషయంలో 75(3) చూడండి: మంత్రివర్గం లోక్‌సభకు జవాబుదారీ. నేరం రుజువు కానక్కరలేదు, మెజారిటీ పోతే చాలు. 1999 ఏప్రిల్ 17న వాజపేయి ప్రభుత్వం 269–270తో పడిపోయింది. అప్పటికే ఒరిస్సా ముఖ్యమంత్రి అయిన గిరిధర్ గమాంగ్, ఎంపీ పదవి వదులుకోలేదు కాబట్టి, వచ్చి వ్యతిరేకంగా ఓటేశారు!

అమెరికాలో అధ్యక్షుణ్ణి తొలగించాలంటే అభియోగం కావాలి. 1868లో అధ్యక్షుడు ఆండ్రూ జాన్సన్‌తో చట్టసభకు అసలు తగవు దక్షిణాది రాష్ట్రాల పునర్నిర్మాణం మీద. ప్రధాన అభియోగం మాత్రం యుద్ధ మంత్రిని చట్టవిరుద్ధంగా తొలగించారని. సెనేట్‌లో 35 మంది దోషి అన్నారు, 19 మంది కాదన్నారు. మూడింట రెండు వంతులంటే 36 కావాలి. ఆయన పదవి నిలిచింది.