ట్యాంకులో ఎంత పోయించాలి: మేనల్లుడికి ఒక ఉత్తరం

బరంపురం

చిరంజీవి మేనల్లుడికి మావయ్య ఆశీస్సులు.

మొన్న రాత్రి ఆంధ్రా సరిహద్దుకు ఇవతల, మన ఒడిశా గిరిసోల ఢాబా దగ్గర నుంచి ఫోన్ చేసి, "మావయ్యా, రేటు మారుతుందంటున్నారు, ఫుల్ కొట్టించీనా?" అని అడిగావు. వెనక హారన్ల గోల, పైగా నాకు నిద్రమత్తు. ఏదో ఒకటి చెప్పి పెట్టేశాను. సొంత బండి కొన్నవాడివి కాబట్టి తీరిగ్గా రాస్తున్నాను.

ముందు మీ బండి లెక్క నీకు తెలియాలి. డాష్‌బోర్డు మీద ముల్లును నమ్మకు. ఎత్తుపల్లాల్లో బండి ఆగితే అది అబద్ధం చెబుతుంది. సమానమైన చోట ఆపి, ట్యాంకులో శుభ్రమైన కర్ర ముంచి చూడు. ఒకసారి ట్యాంకు నిండా పోయించి, మీటరు రాసుకుని, మళ్లీ నిండా పోయించేటప్పుడు ఎన్ని లీటర్లు పట్టిందో చూసి భాగించు. లోడు మీద ఒకసారి, ఖాళీ మీద ఒకసారి ఈ లెక్క వేసి ఒక చీటీ మీద రాసి క్యాబిన్‌లో అంటించు. నా పన్నెండు టైర్ల బండి లోడుతో లీటరుకు నాలుగు కిలోమీటర్లు ఇచ్చేది. ట్యాంకు 350 లీటర్లు. కింద చెప్పే లెక్కంతా దాని మీదే.

2021 నవంబరు 3 సంగతి చెబుతాను. తెల్లారితే దీపావళి. కళింగనగర్‌లో ఇనుప కాయిల్స్ ఎక్కించుకుని చెన్నై పోతున్నాను. గిరిసోల చేరేసరికి పొద్దుపోయింది. కర్ర ముంచి చూస్తే అరవై లీటర్లుంది. ఇక్కడి నుంచి ఇచ్ఛాపురం దాటితే తడ దాకా ఆంధ్రాయే, వెయ్యి కిలోమీటర్ల దారి. అక్కడ డీజిల్ గిరిసోల కన్నా ఎక్కువ రేటు, కాబట్టి దారంతటికీ సరిపడా ఇక్కడే పోయించుకోవాలి. అంటే 250 లీటర్లు. అడుగున నలభై ఎప్పుడూ ఉండాలి. అంతకన్నా కిందికి పోతే ట్యాంకు అడుగు మడ్డి ఫిల్టరుకు ఎక్కుతుంది, లైనులో గాలి పట్టి బండి నడిరోడ్డు మీద ఆగిపోతుంది. అప్పుడు హ్యాండ్ పంపు కొట్టి గాలి తీస్తూ అర్ధరాత్రి అవస్థ పడాలి. మొత్తం 290 కావాలి, అరవై ఉంది, కాబట్టి 230 పోయించాలి.

ఫుల్ ఎందుకు వద్దంటున్నానో చూడు. తడ దాటితే తమిళనాడు రేటు. అక్కడా ఆంధ్రా కన్నా తక్కువే. ఆంధ్రాను దాటించేంత డీజిల్ గిరిసోలలో పోయించుకుంటే చాలు, చెన్నైలో వాడుకునేది ఇక్కడి నుంచి మోసుకుపోవడం ఎందుకు? డబ్బంతా ట్యాంకులో పోస్తే దారిలో టైరు పేలిన రోజున చేతిలో ఏముంటుంది?

రెండు రాష్ట్రాల రేట్లకు తేడా ఎందుకొస్తుందంటే, కేంద్రం ఎక్సైజు అందరికీ ఒకటే. దాని మీద ఒక్కో రాష్ట్రం వ్యాట్ వేసుకుంటుంది. ఆంధ్రాలో శాతం లెక్కతో పాటు లీటరుకు నాలుగు రూపాయలు విడిగా, రోడ్డు సెస్సు ఇంకో రూపాయి. అందుకే ఇచ్ఛాపురం బంకు బోర్డుకూ మన గంజాం బోర్డుకూ పొంతన ఉండదు. లీటరుకు నాలుగు తేడా అనుకుంటే 230 లీటర్ల మీద 920 రూపాయలు. ప్రతి ట్రిప్పుకూ వచ్చే మిగులు ఇదే. కానీ ఒడిశా అంతా చవక అనుకోకు. సాలూరు మీదుగా కొరాపుట్, మల్కన్‌గిరి పోయే కిరాయి తగిలితే అక్కడి బోర్డు చూసి కళ్లు తిరుగుతాయి. డిపో నుంచి కొండలెక్కి వచ్చే ట్యాంకరు కిరాయి కూడా నీ లీటరు మీదే పడుతుంది.

ఆ రాత్రి విషయానికొద్దాం. అప్పుడు డీజిల్ వంద దాటేసి ఉంది. రొట్టె తింటుంటే టీవీలో వచ్చింది, కేంద్రం డీజిల్ మీద ఎక్సైజు పది రూపాయలు తగ్గించింది, రేపటి నుంచి అమలు అని. నా పక్క మంచం మీద కూర్చున్న విజయనగరం డ్రైవరు తల పట్టుకున్నాడు. గంట క్రితమే మూడొందల లీటర్లు పోయించాడు పాపం.

రేట్లు మారేది ఉదయం ఆరు గంటలకు. 2017 జూన్ 16 నుంచి దేశమంతా ఇదే పద్ధతి. పైగా వ్యాట్ శాతం లెక్క కాబట్టి ఎక్సైజు పది తగ్గితే బంకులో పది కన్నా ఎక్కువే తగ్గుతుంది. తక్కువలో తక్కువ పది వేసుకున్నా 230 లీటర్లకు 2300 రూపాయలు. నేను ఎలాగూ ఆ రాత్రి ఐదారు గంటలు పడుకోవాల్సిందే. ఇచ్ఛాపురం దాటి పడుకున్నా, ఇక్కడ పడుకున్నా నిద్ర ఒకటే. ట్యాంకు దాదాపు ఖాళీ కాబట్టి పైపు పెట్టి లాగే దొంగ బాధ కూడా లేదు. ఆరున్నరకు బంకు బోర్డు మారిందని కళ్లారా చూసి, 230 పోయించుకుని కదిలాను. బంకు ఓనరు ముఖం మాడిపోయి ఉంది. పండగ ముందు పాత రేటుకు కొని నింపిన సరుకంతా కింద ట్యాంకుల్లోనే ఉంది మరి.

ఇందులో నేను పోగొట్టుకున్నదీ ఉంది. ఆ రోజే వైజాగ్ దగ్గర టీ తాగుతుంటే ఒడిశా కూడా ఇంకో మూడు రూపాయలు తగ్గిస్తోందని తెలిసింది, ఐదో తారీఖు నుంచి. అంటే 690 రూపాయలు పోయాయి. అయితే దాని కోసం నాలుగో తారీఖంతా గిరిసోలలో పడి ఉంటే? నా బండి ఒక రోజు ఊరికే నిలబడితే కిస్తీ, బత్తా కలిపి రెండు వేలకు తక్కువ కాదు. ముందే తెలిసినా ఆగేవాణ్ని కాదు.

పెరిగేటప్పుడు లెక్క వేరు. 137 రోజులు కదలని రేటు 2022 మార్చి 22న మొదలుపెట్టి దాదాపు రోజూ ఎనభై పైసల చొప్పున ఎక్కింది. రెండు వారాల్లో పది రూపాయలు. కుర్రాళ్లు ఎక్కడ బంకు కనపడితే అక్కడ క్యూ కట్టి ఫుల్ కొట్టించారు, ఆంధ్రా నడిబొడ్డులో కూడా. ఎనభై పైసలు అంటే 230 లీటర్లకు 184 రూపాయలు. దానికి భయపడి లీటరుకు నాలుగు ఎక్కువ పెట్టి టెక్కలిలో పోయించుకుంటే ఏం మిగిలినట్టు? రెండు రోజుల్లో గిరిసోల చేరేవాడు ఆ రెండు రోజుల పెరుగుదల భరించినా లాభమే. ఆరు రోజుల తర్వాత గాని చేరనివాడైతే అప్పుడు ఆలోచించాలి, పెరుగుదల రాష్ట్రాల తేడాను దాటేస్తుంది కాబట్టి.

తిరుగు ప్రయాణంలోనే అందరూ పొరపాటు చేస్తారు. తమిళనాడులో సరిపడా పోయించుకుని వస్తారు, పలాస దగ్గర ముల్లు కిందికి దిగేసరికి భయపడి అక్కడ వంద లీటర్లు పోయించేస్తారు. కర్ర ముంచు. అక్కడి నుంచి గిరిసోలకు లోడు మీద పాతిక లీటర్లు చాలదూ? అరవై ఐదు కనపడితే ఆపకుండా వచ్చెయ్. తక్కువుంటే పది ఇరవై లీటర్లు పోయించుకో, అంతే.

మీ అమ్మకు చెప్పు, పండక్కి వస్తున్నామని. వచ్చేటప్పుడు నీ మైలేజీ చీటీ పట్టుకొచ్చి చూపించు.

మీ మావయ్య