చుక్కలనే కాదు, సూది పోట్లనూ లెక్కపెట్టాలి

ప్రశ్న: మా బాబు 30 వారాలకే పుట్టాడు. రక్తపరీక్ష కోసం మడమలో పొడిచే ముందు ప్రతిసారీ నొప్పి తగ్గడానికి నోట్లో చక్కెర ద్రావణం వేస్తున్నారు. రోజుకు ఎన్నిసార్లు వేయవచ్చు?

నేను నవజాత శిశువుల వార్డులో నర్సును. ఒక రాత్రి సంగతి చెబుతాను. 1,400 గ్రాముల పాప, పుట్టి మూడో రోజు. కొత్తగా చేరిన అమ్మాయి నాలుక మీద 0.2 మిల్లీలీటర్ల ద్రావణం వేసి, వెంటనే పొడిచింది. పాప గుక్కపట్టి ఏడ్చింది. నోట్లో తీపి తగిలాక రెండు నిమిషాలు ఆగాలి, అప్పుడే అది పని చేస్తుంది. ఆ ప్రభావం కూడా ఐదు నుంచి ఎనిమిది నిమిషాలే. రక్తం చాలక మళ్లీ పొడిచింది, మళ్లీ చుక్కలు వేసింది. తర్వాత డైపర్ తడిసి ఏడ్చినా అవే చుక్కలు. తెల్లవారి చార్టు చూస్తే ఆ ఒక్క రోజులో పదకొండు మోతాదులు!

నేను కోప్పడింది అందుకే. 31 వారాల లోపు శిశువులపై 2002లో వెలువడిన ఒక అధ్యయనంలో, మొదటి వారంలో ఎక్కువ మోతాదులు అందుకున్నవారికి తర్వాత చురుకుదనం, కదలికల పరీక్షల్లో తక్కువ మార్కులు వచ్చాయి. 24 గంటల్లో పది దాటితే ఆ తేడా కనబడిందని తర్వాతి విశ్లేషణ చెప్పింది. మీ బాబు సరిగ్గా ఆ కోవలోకే వస్తాడు కనుక పదికి చాలా ముందే ఆగాలన్నది నా గట్టి అభిప్రాయం. ఒక్కోసారి 0.1 నుంచి 0.5 మిల్లీలీటర్లు చాలు. 24 శాతం ద్రావణం నాలుక కొసన పడాలి. గొట్టం ద్వారా కడుపులోకి పంపితే నొప్పికి ఉపయోగం లేదు, ఎందుకంటే పని చేసేది రుచి. ఆకలి ఏడుపుకు అది మందు కాదు. ఇంట్లో కలిపిన పంచదార నీళ్లు, పెద్దలు నాకించే తేనె మాత్రం వద్దే వద్దు.

ఇంకొక మాట. సూది పోటు క్షణంలో అయిపోతుంది. పిల్లలను ఎక్కువగా బాధించేది ఆ తర్వాత మడమ పిండడమే. దాన్ని చూస్తే నాకు ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. ముందు మడమను గోరువెచ్చగా చేసి, అరికాలి అంచున పక్కగా పొడిస్తే రక్తం దానంతట అదే వస్తుంది. మడమ వెనుక గుండ్రని భాగంలో పొడవకూడదు, అక్కడ ఎముక దగ్గరగా ఉంటుంది. ఎక్కువ రక్తం కావాలంటే సిర నుంచి తీయడమే మేలు.

ఆ మర్నాడు మా డాక్టరుగారితో మాట్లాడి, వేర్వేరు సమయాల్లో జరిగే పరీక్షలను కలిపించాను. పోట్లు ఐదుకు తగ్గాయి, మోతాదులూ ఐదే. అందులో రెండింటికి వాళ్లమ్మ పాపను గుండెకు ఆనించుకుని కూర్చుంది. మీరూ చార్టులో సుక్రోజ్, అంటే ఈ చక్కెర ద్రావణం, ఎన్నిసార్లు వేశారో రాసిన వరుస చూపించమని అడగండి.