రిపోర్టులో థాయ్‌లాండెన్సిస్ అని వచ్చింది, భయపడాలా?

ప్రశ్న: మా నాన్నగారికి 58 ఏళ్లు. వ్యవసాయం చేస్తారు, చాలా ఏళ్లుగా షుగర్ ఉంది. నాట్లు పూర్తయినప్పటి నుంచి మూడు వారాలుగా జ్వరం, బరువు తగ్గారు. బ్లడ్ కల్చర్‌లో 'బర్క్‌హోల్డేరియా థాయ్‌లాండెన్సిస్, మాల్డి-టాఫ్ స్కోరు 1.92' అని వచ్చింది. జెంటామైసిన్, కొలిస్టిన్ పనిచేయవని రాశారు. ఇప్పుడు సెఫ్‌ట్రయాక్సోన్ ఇంజెక్షన్లు ఇస్తున్నారు. ఆ బ్యాక్టీరియా పెద్దగా హాని చేయదని నెట్‌లో చదివాను. నాన్న ఎప్పుడూ థాయ్‌లాండ్ వెళ్లలేదు. ఇది నిజమేనా?
- ఒక పాఠకుడు, తూర్పు గోదావరి జిల్లా

జవాబు: ఆ పేరును అలాగే నమ్మి ఊరుకోకండి. ఈ రోజే మీ డాక్టర్ గారితోనూ, ల్యాబ్‌లోని మైక్రోబయాలజిస్టుతోనూ మాట్లాడండి. మీరు చెప్పిన వివరాలన్నీ చూస్తే నా అనుమానం దాని దగ్గరి బంధువైన బర్క్‌హోల్డేరియా సూడోమల్లై మీద. దానివల్ల వచ్చే జబ్బు పేరు మెలియాయిడోసిస్. ఆ క్రిమి మట్టిలో, నిలవ నీటిలో ఉంటుంది కాబట్టి థాయ్‌లాండ్ వెళ్లనక్కర్లేదు, వరి మడిలో దిగితే చాలు. షుగర్ ఉన్నవాళ్లను, వానాకాలంలో, ఎక్కువగా పట్టుకుంటుంది.

మరి యంత్రం వేరే పేరు ఎందుకు చెప్పింది? మాల్డి-టాఫ్ బ్యాక్టీరియాను నేరుగా గుర్తుపట్టదు. ల్యాబ్ వాళ్లు కల్చర్‌లో పెరిగిన కాలనీని కొద్దిగా తీసి లోహపు పలకపై పూస్తారు, దానిమీద మేట్రిక్స్ అనే రసాయనం ఒక చుక్క వేసి ఆరనిస్తారు. లేజర్ తగలగానే బ్యాక్టీరియాలోని ప్రోటీన్లు విద్యుదావేశంతో పైకి లేచి ఒక గొట్టంలో ప్రయాణిస్తాయి. తేలికవి ముందు, బరువైనవి తర్వాత చివరికి చేరతాయి. ఆ సమయాలను బట్టి 2,000 నుంచి 20,000 డాల్టన్ల మధ్య బరువున్న ప్రోటీన్ల గ్రాఫ్ వస్తుంది. అందులో ఎక్కువ భాగం రైబోజోమ్ ప్రోటీన్లే. ఈ గ్రాఫే ఆ బ్యాక్టీరియా వేలిముద్ర. యంత్రం దాన్ని తన లైబ్రరీలో ఉన్న ముద్రలతో పోల్చి, అన్నిటికన్నా దగ్గరగా ఉన్న పేరు చెబుతుంది. ఇదంతా నిమిషాల పని.

చిక్కు లైబ్రరీలోనే ఉంది. సూడోమల్లైని జీవాయుధంగా వాడే ప్రమాదం ఉందని, దాని ముద్రలను కొన్ని యంత్రాల మామూలు లైబ్రరీలో పెట్టకుండా విడిగా ఉంచారు. ఆల్బమ్‌లో అన్న ఫొటో లేకపోతే పోలికను బట్టి తమ్ముడి ఫొటో చూపించినట్టే, యంత్రం థాయ్‌లాండెన్సిస్ పేరు చెబుతుంది. ఇలా జరగడం మైక్రోబయాలజిస్టులకు తెలిసిన విషయమే.

ఇక స్కోరు. మీ రిపోర్టులోని పద్ధతిలో సాధారణంగా 2.0 లేదా అంతకన్నా ఎక్కువ వస్తేనే జాతి పేరు వరకు నమ్ముతారు. 1.7 నుంచి 1.99 దాకా ఉంటే బర్క్‌హోల్డేరియా కుటుంబం వరకే నమ్మకం, అంతకు తక్కువైతే అదీ లేదు. మీ 1.92 థాయ్‌లాండెన్సిస్ అనే రెండో పేరుకు హామీ ఇవ్వదు. ఆ మాటకొస్తే 2.1 వచ్చినా లైబ్రరీలో అన్న లేకపోతే తమ్ముడి పేరే వస్తుంది. స్కోరు పోలికను కొలుస్తుందే తప్ప, లైబ్రరీలో ఏం లేదో చెప్పదు.

ఇంకో ఆధారం మీ రిపోర్టులోనే ఉంది. జెంటామైసిన్, కొలిస్టిన్ రెండిటికీ లొంగకపోయి, అమాక్సిసిలిన్-క్లావులనేట్‌కు మాత్రం లొంగితే, సూడోమల్లై అని అనుమానించడం పాత పద్ధతే. ఆ మూడో మందు ఫలితం ఏమిటో చూడండి. థాయ్‌లాండెన్సిస్ అరబినోజ్ చక్కెరను వాడుకుంటుంది, సూడోమల్లై వాడుకోదు. ల్యాబ్ వాళ్లు ఆ పరీక్షో, లేటెక్స్ పరీక్షో, పీసీఆరో చేసి ఖాయం చేయగలరు. అనుమానం సంగతి ముందే చెప్పండి. ప్లేటు మూత తీసి మామూలు టేబుల్ మీద ఆ కాలనీని వాసన చూడటం, కలపడం సిబ్బందికే ప్రమాదం.

ఇంత పట్టుబట్టడానికి కారణం మందు. మెలియాయిడోసిస్‌కు సెఫ్‌ట్రయాక్సోన్ నమ్మదగినది కాదు. సెఫ్టాజిడైమ్ గానీ మెరోపెనెమ్ గానీ కనీసం 10 నుంచి 14 రోజులు రక్తనాళంలోకి ఇస్తారు, లోపల చీము గడ్డలుంటే ఇంకా ఎక్కువ రోజులు. ఆ తర్వాత కోట్రైమాక్సజోల్ మాత్రలు కనీసం మూడు నెలలు వాడాలి. మధ్యలో ఆపితే జబ్బు తిరగబెడుతుంది. మందు మార్పు మీ డాక్టర్ నిర్ణయం, ఉన్న మందును మీరు సొంతంగా ఆపకండి. కాలేయం, ప్లీహం, ప్రోస్టేట్‌లో గడ్డలున్నాయేమో స్కాన్ చేయించమని అడగండి. మాత్రలు మొదలయ్యాక మధ్యమధ్యలో రక్తకణాలు, క్రియాటినిన్, పొటాషియం చూపించుకోవాలి. ఆయాసం, మగత, బీపీ పడిపోవడం కనిపిస్తే ఆలస్యం చేయకుండా ఐసీయూ ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లండి.